ఒకే సూచిక, రెండు శరీరాలు

2004వ సంవత్సరంలో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక చిన్న వ్యాసం వచ్చింది. రాసినవారు ఇద్దరు వైద్య శాస్త్రజ్ఞులు. ఒకరు పుణె నగరానికి చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, రెండవవారు లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. వారు పరీక్షించింది ఇతరులను కాదు, తమను తామే! ఇద్దరి ఫోటోలూ పక్కపక్కన వేసి, కింద రెండు అంకెలు ఇచ్చారు. మొదటి అంకె ఇద్దరికీ ఒకటే, 22.3. రెండవ అంకె దగ్గర మాత్రం ఇద్దరికీ ఎక్కడా పొంతన లేదు. ఆ కథ తెలుసుకోవాలంటే ముందు ఈ 22.3 ఏమిటో చూద్దాం.

దీనిని బాడీ మాస్ ఇండెక్స్ అంటారు. తెలుగులో శరీర ద్రవ్యరాశి సూచిక అనవచ్చు. ఒక మనిషి బరువును కిలోగ్రాములలో తీసుకుని, ఎత్తును మీటర్లలో తీసుకుని, ఆ ఎత్తు వర్గంతో బరువును భాగిస్తే ఈ సూచిక వస్తుంది. ఉదాహరణకు ఒకాయన ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 64.5 కిలోలు అనుకుందాం. 1.7ను 1.7తో గుణిస్తే 2.89. 64.5ను 2.89తో భాగిస్తే 22.3. అంతే!

కొలిచేటప్పుడు చెప్పులు విప్పించాలి సుమా. ఎత్తును వర్గం చేస్తున్నాం కనుక అందులో జరిగిన తప్పు దాదాపు రెట్టింపు అవుతుంది. మడమ ఎత్తు బూట్లతో ఆయనను 173 సెంటీమీటర్లుగా రాసుకుంటే సూచిక 21.6కు దిగిపోతుంది. బరువులో ఒక్క గ్రాము మారలేదు!

ఇంతకూ వర్గమే ఎందుకు? మీలో చురుకైనవారికి సందేహం రావాలి. మనిషి పొడవు, వెడల్పు, మందం ఒకే నిష్పత్తిలో పెరిగితే బరువు ఎత్తు ఘనంతో పాటు పెరగాలి కదా! 150 సెంటీమీటర్ల మనిషి 50 కిలోలు ఉంటే, అదే ఆకారంలో 180 సెంటీమీటర్ల మనిషి 86 కిలోలు తూగాలి. కాని పొడవాటివారు అంత లావుగా ఉండరు. బెల్జియం దేశపు ఖగోళ శాస్త్రజ్ఞుడు, గణాంక నిపుణుడు అడాల్ఫ్ కెట్లే 1830ల నాటికే ఎంతోమంది కొలతలు పరిశీలించి, పెద్దవారిలో బరువు సుమారుగా ఎత్తు వర్గాన్ని అనుసరిస్తుందని గ్రహించాడు. ఆ లెక్కన మన 180 సెంటీమీటర్ల మనిషి 72 కిలోలు ఉంటాడు. ఇద్దరి సూచికా 22.2 వస్తుంది. కెట్లే వెతికింది సగటు మనిషి కోసం, రోగుల కోసం కాదు. దీనికి బాడీ మాస్ ఇండెక్స్ అనే పేరు 1972లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్, ఆయన సహచరులు పెట్టారు.

ఇప్పుడు తిరిగి మన ఇద్దరు శాస్త్రజ్ఞుల వద్దకు వద్దాం. వారు డెక్సా అనే పరీక్ష చేయించుకున్నారు. ఇందులో రెండు వేర్వేరు శక్తులు గల ఎక్స్ కిరణాలను శరీరం గుండా పంపుతారు. ఎముక, కండ, క్రొవ్వు ఆ కిరణాలను వేర్వేరు పాళ్ళలో పీల్చుకుంటాయి కనుక ఏది ఎంత ఉందో లెక్కకట్టవచ్చు. యుడ్కిన్ శరీరంలో క్రొవ్వు నూటికి 9.1 వంతులు. యాజ్ఞిక్ శరీరంలో 21.2 వంతులు! ఇద్దరూ మనం లెక్కవేసిన 64.5 కిలోల మనుషులే అనుకుంటే, ఒకరిలో క్రొవ్వు ఆరు కిలోల లోపు, మరొకరిలో పదమూడున్నర కిలోల పైన. త్రాసుకు ఈ తేడా తెలియదు. కిలో కండ అయినా కిలో క్రొవ్వు అయినా దానికి ఒకటే. వ్యాయామం చేసి కండలు పెంచిన వస్తాదును ఈ సూచిక స్థూలకాయుడని అంటుంది. కండ కరిగి, పొట్ట మాత్రం మిగిలిన ముసలాయనను బాగానే ఉన్నాడని అంటుంది.

యుడ్కిన్ మారథాన్ పందేలు పరుగెత్తేవాడు. తన వ్యాయామమల్లా ఆసుపత్రిలో లిఫ్టు తలుపులు మూసుకునేలోగా పరుగెత్తడమేనని యాజ్ఞిక్ హాస్యంగా రాసుకున్నారు. అయితే అలవాట్లే మొత్తం కారణం కాకపోవచ్చు. తాను పుట్టినప్పుడు తక్కువ బరువుతో పుట్టానని కూడా ఆయన పేర్కొన్నారు. ఈ మాట ఊరికే అన్నది కాదు. పుణె చుట్టుపక్కల పల్లెలలో పుట్టిన శిశువులను ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులతో ఆయన బృందం పోల్చి చూసింది. సగటు బరువు మనవారిది 2.7 కిలోలు, అక్కడివారిది 3.5 కిలోలు. మన శిశువులలో కండ బాగా తక్కువ. కాని వీపు మీద చర్మాన్ని మడతపెట్టి కొలిస్తే, అక్కడి క్రొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. అంటే సన్నగా కనిపించే బిడ్డలోనూ క్రొవ్వు పాలు ఎక్కువే!

దీనివల్ల నష్టమేమిటి? మనం తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలో చేరినప్పుడు, ఇన్సులిన్ సహాయంతో దానిలో పెద్ద వాటాను తీసుకునేవి కండరాలు. కండ తక్కువైతే ఆ చక్కెరకు చోటు తగ్గుతుంది. మరోవైపు, భారతీయులలో క్రొవ్వు పొట్ట లోపల, కాలేయంలో చేరే గుణం ఎక్కువగా కనిపిస్తుంది. చర్మం కింద ఉండే క్రొవ్వు కంటె ఈ లోపలి క్రొవ్వు ఇన్సులిన్ పనిని ఎక్కువగా చెడగొడుతుంది. అందువల్ల మధుమేహం మనవారిలో తక్కువ బరువు దగ్గరే, తక్కువ వయస్సులోనే మొదలవుతుంది.

ఎంత తక్కువ బరువు దగ్గర? ఇంగ్లండులో సుమారు 15 లక్షల మంది వైద్య రికార్డులను పరిశీలించి 2021లో ఒక ఫలితం ప్రకటించారు. తెల్లజాతివారికి సూచిక 30 దగ్గర మధుమేహం వచ్చే అవకాశం ఎంతో, భారత ఉపఖండం మూలాలు గలవారికి 23.9 దగ్గరే అంత. మన 170 సెంటీమీటర్ల మనిషికి దీనిని బరువులోకి మార్చి చూడండి. 30 అంటే 86.7 కిలోలు. 23.9 అంటే 69 కిలోలు. తేడా పదిహేడు కిలోల పైమాటే. లండన్‌లోనో అమెరికాలోనో స్థిరపడిన మన తెలుగువాడిని అక్కడి పాత గీతతో కొలిస్తే, ప్రమాదం గడప దాటి లోపలికి వచ్చాక కూడా “ఫరవాలేదు” అనే జవాబు వస్తుందన్నమాట. అందుకే అమెరికా మధుమేహ సంఘం 2015లో, ఆసియా మూలాలు గల పెద్దలకు 23 నుంచే పరీక్ష సంగతి ఆలోచించమని చెప్పింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ గీతలు మీరు వినే ఉంటారు. 18.5 లోపు తక్కువ బరువు, 25 నుంచి అధిక బరువు, 30 నుంచి స్థూలకాయం. 2004లో ప్రచురించిన నివేదికలో ఆ సంస్థ నిపుణులు ఆసియా వాసుల సంగతి చర్చించారు. ప్రమాదం మొదలయ్యే చోటు ఒక్కొక్క జనాభాలో 22 నుంచి 25 వరకు మారుతున్నదని తేలింది. అందరికీ ఒకే కొత్త గీత కుదరలేదు. పాత గీతలను ఉంచి, వాటికి తోడు 23, 27.5 అనే హెచ్చరిక గుర్తులు చేర్చారు. మన దేశపు వైద్య నిపుణులు 2009లో మరింత కఠినంగా, 23 నుంచి అధిక బరువు, 25 నుంచి స్థూలకాయం అన్నారు. 22.9 దగ్గర ఆరోగ్యం, 23 దగ్గర రోగం అని దీని అర్థం కాదు. ప్రమాదం మెట్లుగా కాక ఏటవాలుగా పెరుగుతుంది. దాని మీద ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు, అంతే.

సూచిక చెప్పని సంగతిని ఒక టేపు కొంత చెబుతుంది. అన్నిటికన్నా కింది పక్కటెముకకు, తుంటి ఎముక పై అంచుకు సరిగ్గా మధ్యన, మామూలుగా ఊపిరి వదిలాక నడుము చుట్టుకొలత తీయాలి. ప్యాంటు కట్టుకునే చోట కాదు. పొట్ట లోపలికి బిగపట్టకూడదు! భారతీయులలో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే, సూచిక ఎంత ఉన్నా రక్తంలో చక్కెర చూపించుకోవడం మంచిది.

ఇది చదివి మీరు మీ సూచిక లెక్కవేసుకుని కంగారుపడవద్దు. పై గీతలన్నీ పద్దెనిమిదేళ్ళు దాటినవారికి. ఎదిగే వయస్సులో ఎత్తు, బరువు ఒకేసారి, ఒకే వేగంతో పెరగవు. అందుచేత 18 ఏళ్ళ లోపువారి సూచికను వయస్సును బట్టి, ఆడపిల్లలకు, మగపిల్లలకు విడిగా తయారుచేసిన ఎదుగుదల పటంలో గుర్తించి చూస్తారు. మన దేశపు పిల్లల వైద్యుల సంఘం 2015లో ఇచ్చిన పటంలో, పెద్దవారి 23కు సమానమైన వంపు గీత ఒకటి, 27కు సమానమైనది మరొకటి ఉన్నాయి. పదేళ్ళ వయస్సు దగ్గర ఆ మొదటి గీత 23 కంటె చాలా కిందుగా ఉంటుంది.