పట్టిక ముందు, ఆప్షన్లు తర్వాత: చర్యా క్రమాంకం కనుక్కునే పద్ధతి

నవాబుపేటలో మనం నడిపే సాయంత్రం తరగతుల్లో ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు ఏం చెబుతున్నారని మీలో చాలామంది అడుగుతుంటారు. ఈసారి అక్కడ చెప్పే ఒక పాఠాన్నే మీ ముందు ఉంచుతున్నాము. ఇది కెమిస్ట్రీలో రసాయన గతికశాస్త్రం అనే పాఠంలోని ఒక రకం ప్రశ్న. గాఢతలు, చర్యా రేట్లు ఉన్న చిన్న పట్టిక ఇచ్చి, కింద నాలుగు ఆప్షన్లు ఇస్తారు. ఎప్‌సెట్‌లో దీనికి ఒక మార్కు. నీట్‌లో సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పు రాస్తే ఒక మార్కు కోత. లెక్క కష్టమైనది కాదు. కానీ పట్టిక చదవకముందే ఆప్షన్ల మీదికి పోయే పిల్లలు ఇక్కడే పోగొట్టుకుంటారు.

ముందుగా రెండు మాటల అర్థం చెప్పుకుందాము. చర్యా రేటు అంటే పదార్థాలు ఎంత వేగంగా మారిపోతున్నాయన్న లెక్క. క్రమాంకం అంటే ఒక పదార్థం గాఢత పెంచితే ఆ రేటు ఎన్ని రెట్లు పెరుగుతుందో చెప్పే ఘాతం. గాఢత రెట్టింపు చేస్తే రేటు కూడా రెట్టింపు అయితే క్రమాంకం 1. రేటు నాలుగు రెట్లు అయితే క్రమాంకం 2. రేటు ఏమీ మారకపోతే క్రమాంకం 0.

ఇప్పుడు నైట్రిక్ ఆక్సైడ్, హైడ్రోజన్ వాయువుల చర్యను చూద్దాము. హిన్షెల్‌వుడ్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1920లలో దీన్ని పరిశీలించారు. చర్యల వేగం మీద చేసిన కృషికి ఆయనకు 1956లో నోబెల్ బహుమతి వచ్చింది. సమీకరణం ఇది:

2NO + 2H₂ → N₂ + 2H₂O

కింది పట్టికలోని అంకెలు ప్రయోగశాలలో కొలిచినవి కావు. లెక్క తేలికగా ఉండాలని పాఠం కోసం మేము వేసుకున్నవి. గాఢతలు లీటరుకు మోల్‌లలో, రేటు లీటరుకు సెకనుకు మోల్‌లలో ఉన్నాయి.

| ప్రయోగం | [NO] | [H₂] | తొలి రేటు |
|---|---|---|---|
| 1 | 0.10 | 0.10 | 0.004 |
| 2 | 0.10 | 0.20 | 0.008 |
| 3 | 0.30 | 0.10 | 0.036 |

ప్రశ్న: ఈ చర్యకు రేటు సమీకరణం ఏది?
(1) k[NO]²[H₂]²
(2) k[NO][H₂]²
(3) k[NO]²[H₂]
(4) k[NO][H₂]

తొందరపడే పిల్లవాడు పైన ఉన్న సమీకరణంలో NO ముందు 2, H₂ ముందు 2 చూసి మొదటి ఆప్షన్ పెట్టేస్తాడు. ఆ ఆప్షన్‌ను అక్కడ ఉంచింది కూడా అందుకే. సమీకరణంలో ముందుండే అంకెలు ఏది ఎంత ఖర్చవుతుందో చెబుతాయి, వేగం దేని మీద ఆధారపడుతుందో చెప్పవు. ఈ చర్య ఒక్క దెబ్బలో జరగదు, మెట్లు మెట్లుగా జరుగుతుంది. అన్నిటికంటే నెమ్మదిగా జరిగే మెట్టు మొత్తం వేగాన్ని నిర్ణయిస్తుంది. రెండో హైడ్రోజన్ అణువు ఆ నెమ్మది మెట్టు దాటాకే వచ్చి కలుస్తుంది కాబట్టి రేటు మీద దాని ప్రభావం ఉండదు. అందుకే క్రమాంకాన్ని ప్రయోగం నుంచే, అంటే పట్టిక నుంచే రాబట్టాలి.

అందుకని తరగతిలో మేము ఆప్షన్లను చేత్తో మూసి పట్టిక చదవమంటాము. మొదటి పని, ఒక పదార్థం గాఢత మారకుండా ఉన్న రెండు వరుసలు వెతకడం. కూరలో ఉప్పు, కారం రెండూ ఒకేసారి పెంచితే రుచి దేనివల్ల మారిందో చెప్పలేము. ఇక్కడా అంతే.

1, 2 ప్రయోగాల్లో NO మారలేదు. H₂ రెట్టింపు అయింది. రేటు 0.004 నుంచి 0.008కి, అంటే రెట్టింపు అయింది. కాబట్టి H₂ పరంగా క్రమాంకం 1.

1, 3 ప్రయోగాల్లో H₂ మారలేదు. NO మూడు రెట్లు అయింది. రేటు 0.004 నుంచి 0.036కి, అంటే తొమ్మిది రెట్లు అయింది. మూడును ఎన్నో ఘాతానికి పెంచితే తొమ్మిది వస్తుంది? రెండో ఘాతానికి. కాబట్టి NO పరంగా క్రమాంకం 2.

రేటు = k[NO]²[H₂]. మొత్తం క్రమాంకం 2 + 1 = 3. ఇప్పుడు చెయ్యి తీసి చూస్తే జవాబు మూడో ఆప్షన్.

జవాబు సరైనదో కాదో పరీక్ష హాల్లోనే తేల్చుకోవచ్చు. k అనేది రేటు స్థిరాంకం. ఉష్ణోగ్రత మారనంతవరకు అది ప్రతి వరుసలోనూ ఒకటే రావాలి. మొదటి వరుసలో 0.004ను (0.10)² × 0.10, అంటే 0.001తో భాగిస్తే 4 వస్తుంది. రెండో వరుసలో 0.008ను 0.002తో భాగిస్తే 4. మూడో వరుసలో 0.036ను 0.009తో భాగించినా 4. తప్పు ఆప్షన్ ఈ పరీక్షకు నిలవదు. మొదటి ఆప్షన్ ప్రకారం చేస్తే మొదటి వరుసలో k 40 వస్తుంది, రెండో వరుసలో 20 వస్తుంది. రెండు వరుసల్లో రెండు విలువలు వచ్చాయంటే ఆ రేటు సమీకరణం తప్పే.

k ప్రమాణాలు అడిగినా ఇదే దారి. రేటు ప్రమాణాన్ని గాఢత ఘనంతో భాగిస్తే L² mol⁻² s⁻¹ వస్తుంది. అంటే ప్రమాణాలు కూడా మొత్తం క్రమాంకం తెలిశాకే చెప్పగలం.

కొన్ని పట్టికల్లో రెండో పదార్థానికి అనువైన జత దొరకదు. ఉదాహరణకు ఇది:

| ప్రయోగం | [A] | [B] | తొలి రేటు |
|---|---|---|---|
| 1 | 0.1 | 0.1 | 0.002 |
| 2 | 0.2 | 0.1 | 0.002 |
| 3 | 0.3 | 0.2 | 0.008 |

ఇక్కడ A మారకుండా B మాత్రమే మారిన వరుసలు లేవు. కంగారు పడకుండా దొరికిన జతతో మొదలుపెట్టాలి. 1, 2 ప్రయోగాల్లో B అలాగే ఉంది, A రెట్టింపు అయింది, రేటు మాత్రం కదల్లేదు. అంటే A పరంగా క్రమాంకం 0. ఇక 1, 3 ప్రయోగాలు పోల్చేటప్పుడు A ఎంత పెరిగినా రేటు మీద దాని ప్రభావం లేదని మనకు తెలుసు. రేటు నాలుగు రెట్లు కావడం పూర్తిగా B రెట్టింపు కావడం వల్లే. B పరంగా క్రమాంకం 2. A క్రమాంకం సున్నా కాకపోయినా పద్ధతి ఇదే. తెలిసిన పదార్థం వల్ల వచ్చే రెట్లతో ముందు భాగించి, మిగిలినదాన్ని రెండో పదార్థానికి అంటగట్టాలి.

పట్టికలన్నీ ఈ రకానివే అనుకోకూడదు. ఒక వరుసలో కాలం, మరో వరుసలో ఆ కాలానికి మిగిలిన గాఢత ఇస్తే అది వేరే ప్రశ్న, దాని సూత్రాలు వేరు. పైన చెప్పిన పద్ధతి తొలి రేట్లు ఇచ్చిన పట్టికకే పనికొస్తుంది. అందుకే పట్టిక పైన రాసిన శీర్షికలను మొదట చదవమని చెబుతాము.

మీ ఇంట్లో ఇంటర్ చదివే అబ్బాయో అమ్మాయో ఉంటే, ఈ లెక్క చేయించి రెండే రెండు ప్రశ్నలు అడగండి. ఏ రెండు వరుసలు పోల్చావు? వాటిలో ఏ పదార్థం మారకుండా ఉంది? ఈ రెండింటికీ వేలు పెట్టి చూపిస్తూ జవాబు చెబితే పాఠం వచ్చినట్టు. చెప్పలేకపోతే, పెట్టిన ఆప్షన్ సరైనదే అయినా, అది గుడ్డిగా తగిలిన జవాబే.