ఒకే గాలికి రెండు అంకెలు ఎందుకు?



చలికాలం వచ్చిందంటే ఓపీలో తల్లులు ఫోను చూపించి, "సిస్టరమ్మా, చైతన్యపురిలో గాలి 154 అట, ఎర్రరంగు చూపిస్తోంది. బాబుకు ఆస్తమా ఉంది, బడికి పంపొచ్చా?" అని అడుగుతుంటారు. అదే గాలికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి 'సమీర్' యాప్ 100 అని, 'సంతృప్తికరం' అని చూపవచ్చు. రెండింటిలో ఏదీ అబద్ధం కాదు.

గాలిలోని అతి సన్నని ధూళిని పీఎం 2.5 అంటారు. ఒక ఘనపు మీటరు గాలిలో 24 గంటల సగటున అది 60 మైక్రోగ్రాములు ఉందనుకుందాం. మన దేశపు లెక్కలో దానికి సూచిక 100. అమెరికా లెక్కలో అదే ధూళికి సుమారు 154. విదేశీ యాప్‌లు చాలావరకు ఆ లెక్కనే చూపుతాయి. కాబట్టి అంకెను చూసే ముందు అది ఏ దేశపు లెక్కో, ఏ కేంద్రంలో కొలిచినదో చూడండి. న్యూ మలక్‌పేటలో కొలిచిన అంకె మీ వీధిలోని అంకె కాదు. అది దగ్గరి అంచనా మాత్రమే.

మన లెక్కలో 50 వరకు 'మంచిది', 100 వరకు 'సంతృప్తికరం', 200 వరకు 'మధ్యస్థం', 300 వరకు 'బాగోలేదు', 400 వరకు 'చాలా బాగోలేదు', ఆపైన 'తీవ్రం'.

'సంతృప్తికరం' అంటే ఎవరికీ ఏమీ కాదని అర్థం కాదు. సున్నితమైన ఊపిరితిత్తులు గలవారికి కొద్దిపాటి ఇబ్బంది కలగవచ్చు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పీఎం 2.5కు సూచించిన 24 గంటల హద్దు 15 మైక్రోగ్రాములే. 'మధ్యస్థం'లో ఆస్తమా, గుండెజబ్బు ఉన్నవారికి ఆయాసం రావచ్చు. 200 దాటిన గాలిలో ఎక్కువసేపు తిరిగితే ఆరోగ్యవంతులకూ ఇబ్బందే.

అందుచేత ఆ తల్లికి నేనిచ్చే జవాబు ఇది: "బాబుకు ఆయాసం లేకపోతే బడికి పంపండి. డాక్టరుగారు రోజూ వాడమన్న ఇన్‌హేలరు మానవద్దు. ఆయాసం వచ్చినప్పుడు పీల్చేది సంచిలో పెట్టండి. దగ్గు ఉన్న రోజు పరుగు పందేలు వద్దని టీచరుకు చెప్పండి. మెయిన్ రోడ్డు వదిలి లోపలి వీధిగుండా తీసుకెళ్ళండి." చేతిరుమాలు ఈ సన్నని ధూళిని ఆపదు. ముఖానికి బిగువుగా అమరిన ఎన్95 మాస్కు చాలావరకు ఆపుతుంది.

ఒక్క జాగ్రత్త మరువవద్దు. సూచిక 24 గంటల సగటు గనుక, దీపావళి రాత్రి రెండు గంటల పొగ అందులో పలుచబడి కనిపిస్తుంది. అంకె తక్కువగా ఉన్నా సరే, బిడ్డ ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుతున్నా, పెదవులు నీలంగా మారినా, ఫోను చూస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.