మోకాలి ఎక్స్‌రే బాగుంది, నొప్పి మాత్రం తగ్గదు

పలాస జీడి పరిశ్రమలో రోజంతా నేల మీద కూర్చుని పనిచేసే 52 ఏళ్ల మహిళని ఊహించుకోండి. ఏడాదిగా కుడి మోకాలు నొప్పి. ఎక్స్‌రే తీస్తే వయసుకు తగ్గ అరుగుదలే తప్ప పెద్దగా ఏమీ లేదన్నారు. తొడ కూడా లాగుతోందని చెబితే నడుముకి ఎమ్మారై తీయించారు. అందులో డిస్కు కొంచెం ఉబ్బినట్టు వచ్చింది. దాంతో నడుముకి బెల్టు, చేతిలో మాత్రల కట్ట. నొప్పి మాత్రం అలాగే ఉంది. ఇన్నాళ్లలో ఆ తుంటిని తిప్పి చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

నొప్పి మోకాల్లో ఉంటే తుంటిని ఎందుకు చూడాలి? తుంటి కీలుకి వెళ్లే నరాల కొమ్మలే మోకాలికీ వెళ్తాయి. అందుకే తుంటిలో గుజ్జు అరిగినా, నొప్పి గజ్జల్లోనో తొడ ముందు భాగంలోనో, ఒక్కోసారి మోకాల్లో మాత్రమేనో తెలుస్తుంది. తుంటి అనగానే మనం పక్కన చెయ్యి వేసి చూపిస్తాం గానీ, అక్కడ చేతికి తగిలేది తొడ ఎముక పైభాగం. అసలు కీలు గజ్జ లోపల, బాగా లోతుగా ఉంటుంది. ఇక డిస్కు ఉబ్బు సంగతి. యాభై దాటాక ఏ నొప్పీ లేనివాళ్లకి ఎమ్మారై తీసినా చాలామందిలో అది కనిపిస్తుంది. రిపోర్టులో ఉందని నేరం దాని మీద వేసేయడం తొందరపాటే.

ఇంట్లో ఒకటి చూసుకోవచ్చు. మోకాళ్లు మడిచి కుర్చీలో నిటారుగా కూర్చోండి. మోకాలు కదలకుండా ఉంచి పాదాన్ని మెల్లగా బయటి వైపు జరపండి. ఇలా చేస్తే తుంటి లోపలికి తిరుగుతుంది. రెండో కాలితోనూ చేసి పోల్చండి. నొప్పి ఉన్న కాలు సగంలోనే పట్టేసి, గజ్జల్లో కలుక్కుమంటే అనుమానం తుంటి మీదే. అరుగుదలలో ముందుగా తగ్గేది సాధారణంగా ఈ కదలికే. బాసింపట్టు వెయ్యలేకపోవడం, కాలి గోళ్లు తీసుకోలేకపోవడం, ఆటో ఎక్కేటప్పుడు కాలిని చేత్తో ఎత్తి పెట్టుకోవడం, కూర్చుని లేచాక మొదటి నాలుగడుగులు కుంటడం కూడా దీని గుర్తులే.

నడుము నుంచి వచ్చే నొప్పి తీరు వేరు. అది ఎక్కువగా నడుములోనో పిరుదులోనో మొదలై, మోకాలు దాటి పిక్క మీదుగా పాదం దాకా దిగుతుంది. తిమ్మిరి, చీమలు పాకినట్టు ఉండడం, బొటనవేలు పైకెత్తలేకపోవడం నరం నొక్కుకుందనడానికి గుర్తులు. దగ్గినా తుమ్మినా జివ్వుమంటుంది. వెన్నులో నరాల దారి ఇరుకైనవాళ్లకి నడుస్తుంటే కాళ్లు బరువెక్కుతాయి, ముందుకు వంగితేనో కూర్చుంటేనో తేలికవుతాయి. పిరుదు నొప్పి ఒక్కటే ఉంటే తేల్చడం కష్టం, అది రెండింటిలోనూ వస్తుంది. రెండు జబ్బులూ ఒకే మనిషిలో ఉండడమూ మామూలే. అప్పుడు స్కానింగ్‌లో చూస్తూ తుంటి కీల్లోకి మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. నొప్పి కాసేపు మాయమైతే మూలం తుంటే అన్నమాట.

మన జీడి కార్మికురాలికి తీయించాల్సింది రెండు తుంట్లూ కనిపించే కటి ఎక్స్‌రే. సాధారణ అరుగుదలకి చాలావరకు అదే చాలు. వయసు చిన్నదైతే లెక్క మారుతుంది. సీతంపేట కొండల్లోని గిరిజన యువతలో సికిల్ సెల్ ఉన్నవాళ్లకి, స్టెరాయిడ్లు వాడినవాళ్లకి, బాగా తాగేవాళ్లకి రక్తం అందక తుంటి బంతి కుంగిపోవచ్చు. మొదట్లో అది ఎక్స్‌రేకి దొరకదు, తుంటికే ఎమ్మారై తీయాలి.

పని మానలేనివాళ్లు ముందు నేల వదలాలి. తుంటి కంటే మోకాలు పైకి లేవనంత ఎత్తు స్టూలు వేసుకోండి. చేతికర్ర నొప్పి లేని వైపు చేతిలో ఉండాలి, సంచీ మాత్రం నొప్పి ఉన్న వైపు చేత్తో మొయ్యాలి. చాలామంది తిరగేసి పట్టుకుంటారు, దాంతో తుంటి మీద భారం తగ్గకపోగా పెరుగుతుంది.

మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు రోజూ మింగితే కిడ్నీలు దెబ్బతినొచ్చు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు వాళ్లకి కిడ్నీ జబ్బు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఉద్దానం మనిషి క్రియాటినిన్ చూపించుకోకుండా ఆ మాత్రలు మొదలుపెట్టకూడదు.

పడ్డాక కాలు మోపలేకపోయినా, నొప్పితో పాటు జ్వరం వచ్చినా, మూత్రం మీద పట్టు తప్పినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. మిగతావాళ్లు ఈసారి డాక్టర్ దగ్గర "మోకాలు నొప్పి" అని ఆపేయకుండా, "గజ్జల్లో కూడా ఉంది, బాసింపట్టు వెయ్యలేకపోతున్నాను, ఒకసారి తుంటి తిప్పి చూడండి" అని అడగండి.