పదవ తరగతి గణిత ఉపాధ్యాయుని దరఖాస్తును పరిశీలించే పద్ధతి

2022లో తమిళనాడు ప్రభుత్వం ప్రభుత్వ పాఠశాలల్లో ఖాళీగా ఉన్న 13,331 ఉపాధ్యాయ స్థానాలను పాఠశాల యాజమాన్య కమిటీల ద్వారా తాత్కాలికంగా భర్తీ చేయాలని నిర్ణయించింది. విద్యాహక్కు చట్టం ప్రకారం ఈ కమిటీ సభ్యులలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే. అంటే వ్యవసాయం, వ్యాపారం, కూలిపని చేసుకొనేవారు సైతం ఉపాధ్యాయుల దరఖాస్తులను చదివి అభిప్రాయం చెప్పవలసిన స్థితి ఏర్పడింది. పదవ తరగతి విషయంలో పొరపాటు జరిగితే దిద్దుకొనే వ్యవధి ఉండదు. ఆ పిల్లలకు సార్వత్రిక పరీక్ష ఒక్క విద్యాసంవత్సరంలోనే వస్తుంది.

ఊత్తంగరై తాలూకాలోని కల్లావి వంటి ఊరిలో పదవ తరగతికి గణిత ఉపాధ్యాయులు కావాలని ప్రకటన వెలువడిందని అనుకుందాం. అందులో మూడు షరతులు ఉన్నాయి: గణితంలో పట్టు ఉండాలి, రాష్ట్ర పాఠ్యప్రణాళికను బోధించిన అనుభవం ఉండాలి, తరగతి ఫలితాలకు ఆధారం చూపాలి. దీనికి రెండు దరఖాస్తులు వచ్చాయి. మొదటి అభ్యర్థిని ఎం.ఎస్సి. గణితం, బి.ఎడ్. చదివి, హోసూరులోని ఒక సి.బి.ఎస్.ఇ. పాఠశాలలో ఆరేళ్లు పనిచేశారు. "మూడేళ్లుగా నూరు శాతం ఉత్తీర్ణత" అని రాశారు. రెండవ అభ్యర్థి బి.ఎస్సి. గణితం, బి.ఎడ్. చదివి, ఒక పల్లెలోని ప్రభుత్వ సహాయ పాఠశాలలో అయిదేళ్లుగా రాష్ట్ర పాఠ్యప్రణాళికను బోధిస్తున్నారు. "గత సంవత్సరం 78 శాతం ఉత్తీర్ణత" అని రాశారు. పైపైన చదివితే మొదటి దరఖాస్తుదే పైచేయిగా కనిపిస్తుంది. షరతులను ఒక్కొక్కటిగా విడదీసి చూస్తే సంగతి వేరుగా ఉంటుంది.

విషయ పరిజ్ఞానం

ముందుగా చూడవలసినది పట్టా స్థాయి కాదు, పట్టాలోని విషయం. డిగ్రీలో గణితం ప్రధాన విషయమా, బి.ఎడ్.లో ఎంచుకొన్న బోధనా విషయం కూడా గణితమేనా అన్నవి మార్కుల జాబితాలో కనిపిస్తాయి. భౌతికశాస్త్రంలో డిగ్రీ చేసి, సిబ్బంది కొరత వల్ల గణితం చెప్పినవారు కూడా "గణిత ఉపాధ్యాయులు" అనే రాస్తారు. అది అబద్ధం కాదు గాని, ప్రకటన కోరిన అర్హత మాత్రం అది కాదు. బి.ఎడ్. కాలవ్యవధిని కూడా గమనించాలి. 2015లో ఆ కోర్సు రెండేళ్లకు పెరిగింది. అంతకుముందు ఒక్క ఏడాదిలో పూర్తిచేసినవారి పట్టా సక్రమమే. ఆ తరువాత చేరి ఒక్క ఏడాదిలో ముగించినట్లు రాస్తే మూలపత్రాన్ని అడగాలి.

పట్టభద్ర ఉపాధ్యాయులు ఆరు నుంచి పది వరకు గల తరగతులకు బోధిస్తారు కాబట్టి, తమిళనాడు ఉపాధ్యాయ అర్హత పరీక్షలో రెండవ పత్రం ఉత్తీర్ణులై ఉండడం ముఖ్యం. 2022 నాటి తాత్కాలిక నియామకాలలోనూ అట్టివారికి ప్రాధాన్యం ఇవ్వవలసి వచ్చింది. ఈ మొదటి పత్రం, రెండవ పత్రం అన్న తేడా చిన్నది కాదు. మొదటి పత్రం ఒకటి నుంచి అయిదు తరగతులకు మాత్రమే చెల్లుతుంది. కుప్పం వైపు నుంచి వచ్చే తెలుగు అభ్యర్థుల దరఖాస్తులలో "టెట్ ఉత్తీర్ణత" అని ఉంటే అది ఏ రాష్ట్రపు పరీక్షో అడగాలి. ఆంధ్రప్రదేశ్ పరీక్ష గాని, కేంద్ర పరీక్ష గాని తమిళనాడు పరీక్షకు తనంతట తాను ప్రత్యామ్నాయం కాదు. మన ఇద్దరు అభ్యర్థులూ తమిళనాడు రెండవ పత్రం ఉత్తీర్ణులేనని అనుకుందాం. అప్పుడు ఎం.ఎస్సి. పట్టా వల్ల మొదటివారికి కొంత ఆధిక్యం ఉంది. పదవ తరగతికి మాత్రం ఇద్దరూ తగినవారే.

పాఠ్యప్రణాళిక, బోర్డు

"గణితం ఎక్కడైనా గణితమే కదా" అన్న మాట తరచుగా వినిపిస్తుంది. పదవ తరగతి పుస్తకాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ మాట నిలవదు. తమిళనాడు పుస్తకం సంబంధాలు, ప్రమేయాలతో మొదలవుతుంది. బీజగణితంలో మాత్రికలు ఉన్నాయి. సి.బి.ఎస్.ఇ. విద్యార్థులకు ఈ రెండూ పదవ తరగతి దాటిన తరువాతనే వస్తాయి. అంతకన్నా ముఖ్యమైనది ప్రశ్నపత్రం చివరి భాగం. తమిళనాడులో నూరు మార్కుల పత్రంలో ఎనిమిదేసి మార్కుల ప్రశ్నలు రెండు ఉంటాయి. ఒకటి వృత్తలేఖినితో చేసే జ్యామితీయ నిర్మాణం, మరొకటి రేఖాచిత్రం. వెనుకబడిన పిల్లవాడు సాధన చేసి సంపాదించగలిగిన 16 మార్కులు ఇక్కడ ఉన్నాయి. సి.బి.ఎస్.ఇ. పదవ తరగతిలో నిర్మాణాల అధ్యాయాన్ని తొలగించారు. కనుక అక్కడి ఉపాధ్యాయులకు వాటిని బోధించే అలవాటు తప్పి ఉండవచ్చు.

ఇది మొదటి అభ్యర్థిని లోపం కాదు. ఆమె నేర్చుకోలేరనీ కాదు. జూలైలో చేరి తరగతితో పాటు తానూ సిద్ధం కావలసిన పాఠాలు ఆమెకు ఉంటాయి. రెండవవారికి అవి ఉండవు. దరఖాస్తును చదివేటప్పుడు గుర్తించవలసిన తేడా ఇంతే. మరొక అపోహను కూడా తొలగించుకోవాలి. మెట్రిక్యులేషన్ పాఠశాలలో పనిచేసినవారిని వేరే బోర్డువారిగా కొందరు భావిస్తారు. 2010–11లో మొదలై మరుసటి ఏడాది అన్ని తరగతులకూ విస్తరించిన ఉమ్మడి పాఠ్యప్రణాళిక తరువాత, పదవ తరగతి వరకు ఆ పాఠశాలల్లో చెప్పేది కూడా రాష్ట్ర పాఠ్యప్రణాళికే. అందుచేత ఆ అనుభవాన్ని పూర్తిగా లెక్కలోకి తీసుకోవచ్చు.

తరగతి ఫలితాలు

దరఖాస్తులో అన్నిటికన్నా మెరిసే మాట శాతమే. అందులో దాగినవి కూడా ఎక్కువే. మొదట, రెండు బోర్డుల ఉత్తీర్ణత ఒకే కొలత కాదు. తమిళనాడులో గణితానికి కావలసిన 35 మార్కులూ పరీక్ష హాలులో రాసిన పత్రం నుంచే రావాలి. సి.బి.ఎస్.ఇ.లో 33 చాలు. పైగా నూరింటిలో 20 మార్కులు పాఠశాల వేసే అంతర్గత మూల్యాంకనం. రెండూ కలిపి 33 వస్తే ఉత్తీర్ణతే. అంతర్గత మార్కులు పూర్తిగా పడిన విద్యార్థికి 80 మార్కుల పత్రంలో 13 వచ్చినా లెక్క సరిపోతుంది. 2020 నుంచి అక్కడ ప్రామాణిక గణితం, ప్రాథమిక గణితం అని రెండు స్థాయిల పత్రాలు కూడా ఉన్నాయి. ప్రాథమిక పత్రం సులభమైనది. నూరు శాతంలో ఎందరు ఏ పత్రం రాశారో అడగనిదే ఆ సంఖ్య ఏమీ చెప్పదు.

తరువాత, శాతం వెనుక ఉన్న తలల లెక్క. ఇద్దరు అభ్యర్థులను మూడు సంఖ్యలు అడగాలి: తొమ్మిదవ తరగతి చివర ఎందరున్నారు, పదవ తరగతి పరీక్షకు నామినల్ రోల్‌లో ఎందరి పేర్లు చేరాయి, గణితంలో ఎందరు ఉత్తీర్ణులయ్యారు. మొదటి అభ్యర్థిని తెచ్చిన పత్రంలో ఆ సంఖ్యలు 25, 18, 18 అని ఉన్నాయనుకుందాం. నూరు శాతం నిజమే. అయితే మధ్యలో ఏడుగురు ఏమయ్యారు? కుటుంబాలు ఊరు మారి ఉండవచ్చు. బలహీనులను పాఠశాలే వేరే చోటికి పంపి ఉండవచ్చు. ఆ నిర్ణయం ఉపాధ్యాయినిది కాకపోవచ్చు. అయినా బలహీనులు వెళ్లిపోయిన తరగతి ఫలితం, బలహీనులకు చెప్పగల నేర్పుకు రుజువు కాదు. కల్లావి పాఠశాల ఎవరినీ పంపివేయదు. తమిళ మాధ్యమంలో చదువుతూ ఇంటిలో తెలుగు మాట్లాడే పిల్లలు కూడా ఆ బెంచీల మీద ఉంటారు.

రెండవ అభ్యర్థి పత్రంలో 46, 46, 36 అని ఉందనుకుందాం. ఇదే 78 శాతం. అంతకుముందు ఏడాది 42 మందిలో 29 మంది, దానికి ముందు 41 మందిలో 25 మంది ఉత్తీర్ణులయ్యారు. అంటే 61 నుంచి 69కి, అక్కడ నుంచి 78కి పెరిగింది. ఈ పెరుగుదల కూడా అంతటితో నమ్మదగినది కాదు. ఒక ఏడాది పిల్లలు సహజంగానే చురుకైనవారు కావచ్చు. కనుక అదే పిల్లల త్రైమాసిక పరీక్ష మార్కులను అడగాలి. అందులో 46 మందిలో 21 మంది 35కు లోపే ఉన్నారనీ, చివరి పరీక్షలో తప్పినవారు 10 మందేననీ తేలితే, సెప్టెంబరుకూ మార్చికీ నడుమ 11 మంది గీత దాటారన్నమాట. ఒక ఉపాధ్యాయుని పనిని గురించి దరఖాస్తు చెప్పగల దృఢమైన సాక్ష్యం ఇది. ఈ పట్టికపై ప్రధానోపాధ్యాయుని సంతకం ఉండాలి. అందులోని ఉత్తీర్ణత పాఠశాల మొత్తానిది కాక గణితానిదే అయి ఉండాలి. అభ్యర్థి ఆ తరగతికి ఏడాది పొడుగునా బోధించి ఉండాలి.

పత్రం చెప్పలేనిది

ఎంత చక్కని పట్టిక అయినా, ఆ 11 మంది గీత దాటినది తరగతి బోధన వల్లనా, సాయంకాలపు ట్యూషన్ వల్లనా అని చెప్పలేదు. అందుకే ఇరవై నిమిషాల నమూనా పాఠం అవసరం. దానితో పాటు ఒక తప్పు జవాబును ఇద్దరి ముందూ పెట్టవచ్చు. కేంద్రం నుంచి 10 సెం.మీ. దూరంలో ఉన్న బిందువు నుంచి, 6 సెం.మీ. వ్యాసార్ధం గల వృత్తానికి గీసిన స్పర్శరేఖ పొడవును ఒక విద్యార్థి √(10² + 6²) అని రాశాడనుకుందాం. సరియైన జవాబు √(10² − 6²), అనగా 8 సెం.మీ. "తప్పు, మళ్లీ చెయ్యి" అనేవారు ఉంటారు. వ్యాసార్ధం స్పర్శరేఖకు లంబమనీ, కాబట్టి 10 అన్నది కర్ణమనీ ఆ పిల్లవానికి తోచలేదని గుర్తించి, ముందు బొమ్మ గీయించేవారూ ఉంటారు. గణితం రాని కమిటీ సభ్యులకు కూడా ఈ తేడా కంటికి కనిపిస్తుంది.

పై వివరాలన్నీ నిలిస్తే, ఈ ఖాళీకి రెండవ అభ్యర్థి తగినవారు. ఇదే ప్రకటన ఒక సి.బి.ఎస్.ఇ. పాఠశాలది అయి ఉంటే మొగ్గు మొదటివారి వైపు ఉండేది. అందుచేత తీర్మాన పుస్తకంలో "మెరుగైన అభ్యర్థి" అని రాసి ముగించకూడదు. విషయం, బోర్డు, ఫలితం అన్న మూడు శీర్షికల కింద ఒక్కొక్క కారణాన్ని, చూసిన పత్రం పేరును నమోదు చేయాలి. ఎంపిక కానివారు కారణం అడిగినప్పుడు చూపదగినది ఆ పుటే. మరుసటి సంవత్సరం కొత్త సభ్యులు సరిపోల్చుకోవడానికి ఉపయోగపడేదీ అదే.