ఎయిర్ ఫ్రయర్‌లో గడగడ చప్పుడు ఎందుకు?

ప్రశ్న: రెండేళ్ల ఎయిర్ ఫ్రయర్ ఈమధ్య గడగడమంటోంది. బంగాళాదుంప ముక్కలు ఒకవైపు మాడి, మరోవైపు పచ్చిగా ఉంటున్నాయి. ఫ్యాన్ పోయిందా?

జవాబు: ముందు అనుమానించాల్సింది బుట్టను. మెషీన్ నడుస్తుండగా హ్యాండిల్‌ను మెల్లగా లోపలికి నొక్కి చూడాలి. చప్పుడు ఆగితే బుట్ట సరిగ్గా కూర్చోలేదన్నమాట. లోపలి జల్లెడ పళ్లేనికి అంచున ఉండే రబ్బరు ముక్కల్లో ఒకటి ఊడినా ఆ పళ్లెం కదిలి మోగుతుంది.

నొక్కినా చప్పుడు ఆగకపోతే చూపు పైకి మళ్లాలి. వేడినిచ్చే కాయిల్, దాని వెనక ఫ్యాన్ అక్కడే ఉంటాయి. చికెన్ వేయించినప్పుడల్లా ఎగిరే నూనె తుంపర ఫ్యాన్ రెక్కలపై జిగటగా పేరుకుంటుంది. ఒక రెక్క బరువెక్కితే తిరిగేటప్పుడు అదురు పుడుతుంది. గాలి కూడా తగ్గి, వేడి అంతటా సమంగా చేరదు.

ప్లగ్ తీసి, పూర్తిగా చల్లారాక, బుట్ట తీసేసి మెషీన్‌ను తలకిందులు చేయాలి. గిన్నెల సబ్బు నీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో కాయిల్‌ను, అందినంతవరకు రెక్కలను మెత్తని బ్రష్‌తో తుడవాలి. నీళ్లు పోయడం, స్ప్రే కొట్టడం ప్రమాదం. బాగా ఆరాకే ప్లగ్ పెట్టాలి.

తర్వాత వేడి సమంగా చేరుతోందో లేదో చూడటానికి బుట్ట నిండా బ్రెడ్ ముక్కలు ఒకే వరుసలో పరిచి, 180 డిగ్రీల్లో నాలుగైదు నిమిషాలు ఉంచాలి. ముక్కలు తేలికగా ఉండి ఎగిరితే కాయిల్‌కు తగిలి మాడతాయి కాబట్టి, పైన స్టీలు జాలీ పెట్టాలి. రంగు దాదాపు ఒకేలా వస్తే మెషీన్ బాగున్నట్టే; ఆ తర్వాత కూడా బంగాళాదుంపలు సమంగా వేగకపోతే తప్పు బుట్టను కిక్కిరిసేలా నింపడంలోనే ఉంది. ఒక మూల మాత్రం తెల్లగానే మిగిలినా, కాయిల్ వంగినా, ఎంసీబీ పడిపోతున్నా, విప్పకుండా సర్వీస్ సెంటర్‌కు ఇవ్వాలి.