వైఫై పేరు తెలుగులో పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మా రౌటర్ 'శ్రీనివాస నిలయం' అన్న పేరు తీసుకోలేదు. 'శ్రీనిలయం🏠' తీసుకుంది. ఫోన్లలో బాగానే ఉంది కానీ పాత ప్రింటర్‌లో పిచ్చి గుర్తులు వస్తున్నాయి, కనెక్ట్ కావడం లేదు. ఎందుకిలా?

జవాబు: వైఫై పేరుకు కేటాయించిన చోటు 32 బైట్లే. ఇంగ్లిష్ అక్షరానికి, ఖాళీకి ఒక్కో బైటు చాలు. తెలుగులో అచ్చు, హల్లు, గుణింతం గుర్తు, పొల్లు, సున్నా ఒక్కొక్కటీ మూడేసి తింటాయి. కంటికి ఒకే అక్షరంగా కనిపించే 'శ్రీ'లో శ, పొల్లు, ర, గుడిదీర్ఘం ఉన్నాయి కాబట్టి దానికే 12 బైట్లు. మీ మొదటి పేరు లెక్క 43కు పోయింది. రెండోది 27, ఇంటి బొమ్మకు నాలుగు, మొత్తం 31. అందుకే పట్టింది. దాని చివర రౌటర్ '_5G' తగిలిస్తే మళ్లీ పట్టదు.

ఇక ప్రింటర్ సంగతి. రౌటర్ పంపేది బైట్లనే. వాటిని అక్షరాలుగా చదువుకోవడం పరికరం పని. కొత్త ఫోన్లకు అది వచ్చు. పాత ప్రింటర్లు, టీవీలు, స్మార్ట్ ప్లగ్గులు కొన్ని తడబడతాయి. కొన్ని రౌటర్లయితే ఇంగ్లిష్ తప్ప దేన్నీ ఒప్పుకోవు.

అసలు నెట్‌వర్క్‌కు ఇంగ్లిష్ పేరు పెట్టి, ప్రింటర్‌ను దానికి కలపండి. తెలుగు పేరు ముచ్చటను గెస్ట్ నెట్‌వర్క్‌లో తీర్చుకోండి. పాస్‌వర్డ్ మాత్రం ఇంగ్లిష్ కీబోర్డులోని అక్షరాలు, అంకెలు, గుర్తులతోనే ఉండాలి. పేరు మార్చాక ఏదీ కలవకపోతే, కంప్యూటర్‌ను ల్యాన్ కేబుల్‌తో రౌటర్‌కు కలిపి పాత పేరు తిరిగి పెట్టండి.

కేబుల్‌తో కలిపినా రౌటర్ సెట్టింగుల పేజీ తెరుచుకోకపోతే ఇంటర్నెట్ ఇచ్చినవారి టెక్నీషియన్‌ను పిలవండి. ఇంగ్లిష్ పేరుతోనూ ప్రింటర్ కలవకపోతే దాన్ని సర్వీస్ సెంటర్‌లో చూపించాలి.