ప్రిఫరెన్స్ షేరు: చేతికొచ్చే రాబడి ఎంత, షరతులు ఏమంటున్నాయి?

గడువే లేని ప్రిఫరెన్స్ షేరుకు విలువ ఎలా కడతారు?

ఏటా వచ్చే డివిడెండును, మీరు ఆశిస్తున్న రాబడి రేటుతో భాగించాలి. బ్యాంక్ ఆఫ్ అమెరికా 2008 జనవరిలో జారీ చేసిన సిరీస్ ఎల్ షేరును చూడండి. దాని మూల విలువ 1,000 డాలర్లు, డివిడెండు 7.25 శాతం. అంటే ఏటా 72.50 డాలర్లు. అసలు తిరిగిచ్చే తేదీ అంటూ ఏమీ లేదు.

మీకు 6 శాతం రాబడి చాలనుకుంటే, 72.50ని 0.06తో భాగించండి. 1,208.33 డాలర్లు వస్తుంది. అంత సొమ్ము 6 శాతం వడ్డీకి వేసి, అసలు ముట్టకుండా వడ్డీ మాత్రమే తీసుకుంటూ పోతే ఏటా చేతికొచ్చేది ఈ 72.50 డాలర్లే. లెక్కకు ఆధారం అదే.

ఎప్పటికీ ఆగని చెల్లింపులకు ధర ఇంతేనా?

దూరంగా ఉన్న డివిడెండ్లకు ఇవాళ్టి విలువ చాలా తక్కువ. 6 శాతం రేటు చొప్పున లెక్కేస్తే, 50 ఏళ్ల తర్వాత అందే 72.50 డాలర్లకు ఇప్పుడు నాలుగు డాలర్లు కూడా పెట్టలేం. అందుకే ఎన్నేళ్లు కలుపుకుంటూ పోయినా మొత్తం 1,208.33 దాటదు. అదే మీరు 8 శాతం కోరితే విలువ 906.25 డాలర్లకు పడిపోతుంది. వడ్డీ రేట్లు పెరిగినప్పుడు ఈ షేర్లు దెబ్బతినడానికి కారణం ఇదే.

మార్కెట్లో కొంటే నాకు 7.25 శాతం రాదా?

రాదు. ఆ 7.25 శాతం 1,000 డాలర్ల మీద లెక్క. మీ రాబడి మీరు చెల్లించిన ధర మీద ఉంటుంది. 1,250 డాలర్లకు కొంటే 72.50ని 1,250తో భాగించండి, 5.8 శాతం. 1,450కి కొంటే సరిగ్గా 5 శాతం. షేరు పేరులో ఉన్న శాతాన్నే తమ రాబడి అనుకుని కొనేవాళ్లు చాలామంది. ఆ పొరపాటు చెయ్యకండి.

మరి ఆ 5 శాతం జీవితాంతం ఖాయమా?

అసలు చూడాల్సింది ఇక్కడే. చెల్లింపు ఎప్పటికీ ఆగదన్న నమ్మకం మీదే పై లెక్క నిలబడుతుంది. షరతుల్లో దాన్ని ఆపే హక్కు కంపెనీకి ఉంటే లెక్క మారిపోతుంది. సిరీస్ ఎల్ షేరు ఒక్కొక్కటి 20 సాధారణ షేర్లుగా మారుతుంది. వరుసగా 30 ట్రేడింగ్ రోజుల్లో కనీసం 20 రోజులు సాధారణ షేరు ధర 65 డాలర్లు దాటి ఉంటే, మీ ఇష్టంతో పని లేకుండా బ్యాంకే మార్చేయవచ్చు.

సాధారణ షేరు 66 డాలర్ల దగ్గర ఉండగా మార్చేశారనుకుందాం. మీ చేతికొచ్చే 20 షేర్ల విలువ 1,320 డాలర్లు. 1,250కి కొన్నవారికి నష్టం లేదు. 1,450కి కొన్నవారికి మాత్రం షేరుకు 130 డాలర్లు పోతుంది. దాదాపు రెండేళ్ల డివిడెండు అందులోనే కొట్టుకుపోయినట్టు. కాబట్టి ఈ షేరుకు 1,300కు మించి ఎంత పెట్టినా, అదనంగా పెట్టిన ప్రతి డాలరుకూ ఆ ప్రమాదం ఉంది.

అమెరికాలో ఎక్కువగా కనిపించే 25 డాలర్ల ప్రిఫరెన్స్ షేర్లకు చిక్కు ఇంకో రకంగా వస్తుంది. నిర్ణీత తేదీ తర్వాత కంపెనీ 25 డాలర్లు చేతిలో పెట్టి షేరు వెనక్కి తీసుకోవచ్చు. ఏటా 1.50 డాలర్లిచ్చే అలాంటి షేరును 27కు కొంటే రాబడి 5.56 శాతంగా కనిపిస్తుంది. ఏడాదిలో వెనక్కి తీసుకుంటే మీకు దక్కేది 26.50. పెట్టిన సొమ్ము కూడా రాదు.

మన దేశంలో కొన్న ప్రిఫరెన్స్ షేరుకు ఇదే సూత్రం వాడొచ్చా?

వాడకూడదు. కంపెనీల చట్టం, 2013లోని 55వ సెక్షన్ ప్రకారం అసలు తిరిగివ్వని ప్రిఫరెన్స్ షేర్లు జారీ చెయ్యకూడదు. 20 ఏళ్లలోపు తిరిగివ్వాలి, కొన్ని మౌలిక వసతుల ప్రాజెక్టులకు మాత్రమే మినహాయింపు. ఏటా 9 రూపాయలిచ్చే 100 రూపాయల షేరును 90కి కొన్నారనుకోండి. భాగహారం 10 శాతం చూపిస్తుంది. ఐదేళ్లలో 100 తిరిగొచ్చేట్టయితే నిజమైన రాబడి దాదాపు 11.75 శాతం. గడువు దగ్గరపడే కొద్దీ ఈ తేడా పెరుగుతుంది.

డివిడెండు ఆపేస్తే నాకేం హక్కు ఉంటుంది?

సిరీస్ ఎల్ డివిడెండు పేరుకుపోయే రకం కాదు. ఒక త్రైమాసికంలో బోర్డు ప్రకటించకపోతే ఆ సొమ్ము పోయినట్టే, తర్వాత అడిగే హక్కు ఉండదు. అమ్మేవాళ్లు చూపించే శాతంలో ఈ సంగతి కనిపించదు. మన దేశంలో ప్రిఫరెన్స్ డివిడెండు రెండేళ్లు లేదా అంతకుమించి చెల్లించకపోతే, 47వ సెక్షన్ కింద ఆ షేరుదారులకు కంపెనీ తీర్మానాలన్నింటి మీదా ఓటు హక్కు వస్తుంది. డబ్బు కట్టేముందు జారీ పత్రం అడిగి తీసుకోండి. డివిడెండు పేరుకుపోతుందో లేదో, షేరును ఎప్పుడు, ఎంతకు వెనక్కి తీసుకుంటారో చదివాకే రాబడి లెక్కేసుకోండి.